ఐదు ఫ్లాట్లు, రెండు దిక్కులు: పీసీఏని చేత్తో లెక్కకట్టడం ఎలా

పీసీఏ అంటే ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్: డేటాలో తేడాలు బాగా కనిపించే దిక్కుల్ని వెతికి, తక్కువ అంకెలతో ఆ డేటాని చెప్పే పద్ధతి. scikit-learn లో అది రెండు లైన్ల పని. ఆ రెండు లైన్లు రాయడం ఎవరికైనా వస్తుంది. చిక్కంతా తర్వాతే. మొత్తం తేడాల్లో ఒక్కో దిక్కు వాటా ఎంతో చెప్పే `explained_variance_ratio_` లో 0.99 కనిపించింది, అది సంతోషించాల్సిన విషయమా, ఎక్కడో తప్పు చేశామనడానికి గుర్తా? ఇది తేల్చుకోవాలంటే లోపల ఏం జరుగుతోందో ఒక్కసారైనా కాగితం మీద చేసి చూడాలి. ఇక్కడ ఆ పనే చేద్దాం. ఒక కాగితం, ఒక పెన్ను, వర్గమూలాలకు ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. లెక్క మొత్తం అరగంటలో అయిపోతుంది.

ఉదాహరణకి బెంగళూరులో అద్దె ఇల్లు వెతుకుతున్నారనుకోండి. పీజీలో మూడు పూటలా అదే సాంబారు తిని విసుగెత్తి, నలుగురు కలిసి ఫ్లాట్ తీసుకుందామని వర్తూరు నుంచి బెల్లందూరు దాకా తిరిగారు. ఐదు ఫ్లాట్లు చూశారు. ఒక్కోదానికి రెండే అంకెలు రాసుకున్నారు: విస్తీర్ణం వందల చదరపు అడుగుల్లో, అద్దె వేల రూపాయల్లో. (ఇవి లెక్క చేతికి అందేలా నేను ఎంచుకున్న అంకెలు. మార్కెట్ రేట్లు అనుకుని ఓనరుతో బేరానికి దిగకండి.)

| ఫ్లాట్ | విస్తీర్ణం | అద్దె |
|---|---|---|
| 1 | 8 | 21 |
| 2 | 6 | 27 |
| 3 | 10 | 30 |
| 4 | 10 | 35 |
| 5 | 16 | 37 |

అంటే మొదటిది 800 చదరపు అడుగులు, 21 వేలు. రెండోది 600 అడుగులే అయినా 27 వేలు, ఆఫీసుకి నడిచి వెళ్లేంత దగ్గర కాబట్టి. ఈ రెండో ఫ్లాట్‌ని గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

మొదటి అడుగు: సగటు తీసేయండి

విస్తీర్ణాల సగటు 10, అద్దెల సగటు 30. ప్రతి వరుసలోంచీ ఈ రెండూ తీసేస్తే మిగిలేవి ఇవి:

```
ఫ్లాట్ 1:  (-2, -9)
ఫ్లాట్ 2:  (-4, -3)
ఫ్లాట్ 3:  ( 0,  0)
ఫ్లాట్ 4:  ( 0,  5)
ఫ్లాట్ 5:  ( 6,  7)
```

రెండు నిలువు వరుసలూ కూడితే సున్నా రావాలి. రాకపోతే ఇక్కడే ఆగి సరిచూసుకోండి, ఎందుకంటే ఈ తప్పు చివరిదాకా మోసుకెళ్తే ఎక్కడా ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పొస్తుంది. పీసీఏ పట్టించుకునేది ఫ్లాట్లు ఎంత పెద్దవి, ఎంత ఖరీదైనవి అన్నది కాదు. ఒకదానితో పోలిస్తే ఇంకొకటి ఎంత తేడాగా ఉంది అన్నదే దానికి కావాలి. అందుకే కొలతలన్నీ సగటు దగ్గర నిలబడి చూసినట్టు మార్చుకున్నాం.

రెండో అడుగు: కోవేరియన్స్ మాట్రిక్స్

మూడు మొత్తాలు చాలు. విస్తీర్ణాల వర్గాలు కూడితే 4 + 16 + 0 + 0 + 36 = 56. అద్దెల వర్గాలు కూడితే 81 + 9 + 0 + 25 + 49 = 164. ఒక్కో ఫ్లాట్‌లో రెండు అంకెల్నీ గుణించి కూడితే 18 + 12 + 0 + 0 + 42 = 72. ఐదు వరుసలున్నాయి, సగటు తీయడానికి ఒకటి ఖర్చయింది కాబట్టి 4తో భాగించాలి.

```
S = [ 14  18 ]
    [ 18  41 ]
```

14 అంటే విస్తీర్ణం వేరియన్స్, 41 అంటే అద్దె వేరియన్స్. మూలల్లో ఉన్న 18 ఆ రెండూ కలిసి ఎలా కదులుతున్నాయో చెబుతుంది. ఇల్లు పెద్దదైతే అద్దె కూడా పెరుగుతోంది, అందుకే అది ధనాత్మకంగా వచ్చింది. ఇక ఫ్లాట్ల జాబితాని పక్కన పెట్టేయొచ్చు. దిక్కులు కనుక్కోవడానికి ఈ మూడు అంకెలే చాలు. దీన్లో ఒక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది: మేఘంలా గుండ్రంగా పరుచుకున్న డేటాకీ, అరటిపండులా వంగిన డేటాకీ ఒకే S రావచ్చు. అప్పుడు పీసీఏ రెండింటికీ ఒకే జవాబిస్తుంది. అందుకే ముందు స్కాటర్ ప్లాట్ గీసి చూడడం మానకండి.

మూడో అడుగు: ఏ దిక్కున నిలబడితే తేడా బాగా కనిపిస్తుంది?

అసలు ప్రశ్న ఇది. ఐగెన్ వెక్టర్ అన్న మాటని కాసేపు మర్చిపోండి. ఐదు ఫ్లాట్లకీ ఒక్కొక్క అంకె మాత్రమే ఇవ్వాలి, ఆ అంకెల మధ్య తేడాలు వీలైనంత ఎక్కువగా ఉండాలి. ఆ అంకెని విస్తీర్ణం, అద్దెల మిశ్రమంగా తయారుచేస్తాం. మిశ్రమంలో ఎంత పాళ్లు ఏది అన్నదే దిక్కు.

దిక్కు (p, q) అయితే, ఆ దిక్కులో వేరియన్స్ ఇలా వస్తుంది:

```
(14p² + 36pq + 41q²) / (p² + q²)
```

కిందనున్న భాగహారం ఎందుకంటే, అది లేకపోతే p, q లను పెంచుకుంటూ పోయి వేరియన్స్‌ని ఎంతైనా చేయొచ్చు. దిక్కు పొడవుని ఒకటికి కట్టేస్తున్నాం, అంతే. మధ్యలో 36 ఎందుకొచ్చిందంటే S లో 18 రెండు మూలల్లో ఉంది.

ఇప్పుడు కొన్ని దిక్కులు వేసి చూడండి. విస్తీర్ణం ఒక్కటే తీసుకుంటే, అంటే (1, 0), 14 వస్తుంది. అద్దె ఒక్కటే తీసుకుంటే 41. రెండూ సమపాళ్లలో, (1, 1) వేస్తే 91/2 = 45.5. చూశారా, విడివిడిగా ఉన్న రెండింటికన్నా ఎక్కువ వచ్చింది. అద్దె పాలు పెంచి (1, 2) వేస్తే 250/5 = 50. ఇంకా పెంచి (1, 3) వేస్తే 491/10 = 49.1, తగ్గింది. అంటే కొండ శిఖరం (1, 2) చుట్టుపక్కల ఎక్కడో ఉంది. సరిగ్గా అక్కడే ఉందని ఎలా తెలుసుకోవాలి? ఇక్కడే ఐగెన్ వెక్టర్ అవసరం పడుతుంది.

నాలుగో అడుగు: మాట్రిక్స్ ఏ దిక్కుని తిప్పదు?

S ని (1, 1) మీద ప్రయోగించండి: (14+18, 18+41) = (32, 59). దిక్కు మారింది, అద్దె వైపు మళ్లింది. ఇప్పుడు (1, 2) మీద ప్రయోగించండి: (14+36, 18+82) = (50, 100). ఇది 50 × (1, 2). దిక్కు ఇసుమంతైనా కదల్లేదు, పొడవు మాత్రం 50 రెట్లయింది. S తిప్పకుండా కేవలం సాగదీసే ఇలాంటి దిక్కునే ఐగెన్ వెక్టర్ అంటాం. ఎన్ని రెట్లు సాగదీసిందో అది ఐగెన్ విలువ. ఆ 50, పైన కొండ ఎత్తుగా వచ్చిన 50, రెండూ ఒకటే. ఇది యాదృచ్ఛికం కాదు, ఎందుకో కింద చూద్దాం.

అదృష్టం మీద ఆధారపడకుండా కనుక్కోవాలంటే పద్ధతి ఇది. S లోంచి λ ని కర్ణం మీద తీసేసి డిటర్మినెంట్ సున్నాకి సమానం చేయాలి:

```
(14 − λ)(41 − λ) − 18·18 = 0
λ² − 55λ + 250 = 0
(λ − 50)(λ − 5) = 0
```

రెండు ఐగెన్ విలువలు: 50, 5. వాటి మొత్తం 55. S కర్ణం మీదున్న 14 + 41 కూడా 55 కదా. మొత్తం వేరియన్స్ ఎక్కడికీ పోలేదు, కొత్తగా పంచుకున్నాం, అంతే. చేత్తో చేసేటప్పుడు తప్పు పట్టుకోవడానికి ఈ మొత్తం సరిచూసుకోవడమే నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి.

λ = 50 కి దిక్కు: −36p + 18q = 0, అంటే q = 2p, దిక్కు (1, 2). λ = 5 కి: 9p + 18q = 0, అంటే p = −2q, దిక్కు (2, −1). ఈ రెండింటినీ గుణించి కూడండి: 1×2 + 2×(−1) = 0. లంబంగా ఉన్నాయి. S సౌష్ఠవంగా ఉంది కాబట్టి, అంటే రెండు మూలల్లోనూ అదే 18 ఉంది కాబట్టి, ఇలా లంబంగా రావడం ఖాయం.

ఇప్పుడు శిఖరం (1, 2) దగ్గరే ఎందుకుందో చూడండి. (1, 2), (2, −1) రెండింటినీ √5 తో భాగించి పొడవు ఒకటి చేయండి, వాటిని u, v అందాం. ఏ దిక్కునైనా `a·u + b·v` గా రాయొచ్చు, పొడవు ఒకటి కాబట్టి a² + b² = 1. ఆ దిక్కులో వేరియన్స్ లెక్కేస్తే `50a² + 5b²` వస్తుంది. u, v లంబం కాబట్టి అడ్డు పదాలు పోతాయి. ఏ దిక్కు తీసుకున్నా వేరియన్స్ 50కీ 5కీ మధ్య ఒక సగటు మాత్రమే. సగటు అన్నది పెద్ద అంకెని దాటలేదు. దాన్ని అందుకోవాలంటే a² = 1 కావాల్సిందే, అంటే దిక్కు u కావాల్సిందే. మొత్తం నిరూపణ ఇంతే. పుస్తకాల్లో లాగ్రాంజ్ మల్టిప్లయర్‌తో చేసేది కూడా చివరికి ఇక్కడికే తెస్తుంది, `Sw = λw` అని.

సమీకరణం విప్పకుండా కూడా దిక్కు దొరుకుతుంది. పైన (1, 1) మీద S ప్రయోగిస్తే (32, 59) వచ్చింది కదా, ఆపకుండా మళ్లీ మళ్లీ ప్రయోగించండి. q/p నిష్పత్తి 1 దగ్గర మొదలై 59/32 = 1.844 అవుతుంది, తర్వాత (1510, 2995) దగ్గర 1.983, ఆ తర్వాత (75050, 149975) దగ్గర 1.998. ప్రతి సారీ 2కి ఉన్న దూరం సుమారు పదో వంతుకి తగ్గుతోంది. పదో వంతే ఎందుకంటే ఒక్కో ప్రయోగానికి u భాగం 50 రెట్లు, v భాగం 5 రెట్లు పెరుగుతాయి. 50/5 = 10. దీన్ని పవర్ ఇటరేషన్ అంటారు. ఐగెన్ విలువలు 50, 48 లాగా దగ్గరదగ్గరగా ఉంటే ఇది నత్తనడక నడుస్తుంది. అది పద్ధతి లోపం మాత్రమే అనుకోకండి. అలాంటి డేటాలో మొదటి దిక్కుకే నిలకడ ఉండదు. నాలుగు వరుసలు తీసి నాలుగు కలిపితే దిక్కు ఎటో తిరిగిపోతుంది. మొదటి దిక్కుని పీసీ1 అని, రెండోదాన్ని పీసీ2 అని అంటారు. అలాంటప్పుడు పీసీ1 అంటే ఇది, పీసీ2 అంటే అది అని పేర్లు పెట్టి రిపోర్టు రాయకూడదు.

ఐదో అడుగు: స్కోర్లు, పారేసిన భాగం

సగటు తీసేసిన ప్రతి వరుసనీ u తో గుణించండి. ఫ్లాట్ 1 కి (−2 − 18)/√5 = −20/2.236 = −8.94. మిగతావి వరుసగా −4.47, 0, 4.47, 8.94. వర్గాలు కూడితే 80 + 20 + 0 + 20 + 80 = 200, నాలుగుతో భాగిస్తే 50. ఐగెన్ విలువ మళ్లీ చేతికొచ్చింది. v తో గుణిస్తే 2.24, −2.24, 0, −2.24, 2.24 వస్తాయి. వీటి వేరియన్స్ 5.

పీసీ1 వాటా 50/55, అంటే 90.9 శాతం. "90 శాతం దాటింది, రెండోది తీసేద్దాం" అనేస్తారు చాలామంది. తీసేస్తే ఏం జరుగుతుందో చూద్దాం. ఫ్లాట్ 2 ని పీసీ1 ఒక్కదాని నుంచే వెనక్కి కట్టండి: సగటు (10, 30) కి −4.47·u కలపాలి, అది (−2, −4). వచ్చింది (8, 26). అంటే 800 అడుగులకి 26 వేలు అడిగే మామూలు ఫ్లాట్. అసలుదేమో 600 అడుగులకి 27 వేలు.

ఏం పోయిందో చూడండి. (2, −1) దిక్కు అంటే విస్తీర్ణం ఎక్కువ, అద్దె తక్కువ. మామూలు మాటల్లో "గిట్టుబాటు". పీసీ1 "ఇల్లు ఎంత పెద్దది, ఎంత ఖరీదు" అని చెబుతుంది, పీసీ2 "ఇచ్చే డబ్బుకి సరిపడా ఇల్లు ఉందా" అని చెబుతుంది. ఇల్లు వెతుక్కునేవాడికి కావాల్సింది రెండోదే, మనం పారేయబోయింది కూడా రెండోదే. పీసీఏకి మీ అవసరం తెలియదు, దానికి తెలిసింది వేరియన్స్ ఒక్కటే. కాబట్టి 90 శాతం అన్న గీత మీద గుడ్డిగా కోసేయొద్దు. ఆ తర్వాత వచ్చే మోడల్ ఏం ఊహించాలో చూసి, ఒక కాంపొనెంట్ ఉంచి, తీసి, క్రాస్ వాలిడేషన్‌లో తేడా ఎంతో చూడండి.

ఈ పద్ధతికి పునాది వేసింది 1901లో కార్ల్ పియర్సన్, ఈ పేరుతో ఇప్పటి రూపం తెచ్చింది 1933లో హెరాల్డ్ హోటెల్లింగ్. పియర్సన్ దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు: వేరియన్స్ పెంచడం కాకుండా, చుక్కల నుంచి గీతకి ఉన్న లంబదూరాల వర్గాల మొత్తం తగ్గించడం. రెండూ ఒకటే. మన ఐదు ఫ్లాట్లకీ ఆ దూరాల వర్గాలు 5 + 5 + 0 + 5 + 5 = 20, అది 4 × 5, అంటే వదిలేసిన ఐగెన్ విలువకి నాలుగింతలు. మొత్తం స్థిరంగా ఉన్నప్పుడు ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదు కదా.

కోడ్‌లో

```python
import numpy as np
X = np.array([[8,21],[6,27],[10,30],[10,35],[16,37]], dtype=float)
mu = X.mean(axis=0)
Z = X - mu
S = Z.T @ Z / (len(X) - 1)
vals, vecs = np.linalg.eigh(S)
order = np.argsort(vals)[::-1]
vals, vecs = vals[order], vecs[:, order]
scores = Z @ vecs
```

`eig` కాదు, `eigh` వాడండి. సౌష్ఠవ మాట్రిక్స్‌ల కోసమే ఉన్నది అది. విలువలు వాస్తవ సంఖ్యలుగానే వస్తాయి, దిక్కులు లంబంగానే వస్తాయి. కాకపోతే విలువల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి ఇస్తుంది, మనకి 5 ముందు, 50 తర్వాత. `argsort` లైను మర్చిపోతే పీసీ1 అనుకుని అన్నిటికన్నా పనికిరాని దిక్కుని పట్టుకుంటారు.

ఇంకో ఉచ్చు ఉంది. దిక్కులు `vecs` లో నిలువు వరుసల్లో ఉంటాయి: `vecs[:, 0]`. scikit-learn వాటినే `components_` లో అడ్డ వరుసల్లో ఇస్తుంది. ఒకదాని అలవాటులో రెండోది రాస్తే తప్పు దిక్కు వస్తుంది. మన ఉదాహరణలో ఈ తప్పు చేసినా బయటపడకపోవచ్చు. ఎందుకంటే (1, 2), (2, −1) లను పక్కపక్కన నిలబెడితే అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే అంకెలు. రెండు కాలమ్‌ల టాయ్ డేటాతో టెస్ట్ చేసి, పాస్ అయిందని అసలు డేటా మీద వదిలితే దొరికిపోయేది ఇక్కడే. కనీసం మూడు కాలమ్‌లతో, ఈ లైనుతో సరిచూసుకోండి:

```python
np.allclose(S @ vecs[:, 0], vals[0] * vecs[:, 0])
```

మీ జవాబులో గుర్తులు తారుమారై (−0.447, −0.894) వస్తే కంగారు పడకండి. (1, 2), (−1, −2) ఒకే గీత, అటు చూస్తున్నామా ఇటు చూస్తున్నామా అన్నదే తేడా. కాని పక్కవాళ్ల నోట్‌బుక్‌లో స్కోరు +8.94, మీ దాంట్లో −8.94 వచ్చి, ఇద్దరి ప్లాట్లనీ ఒక స్లైడ్‌లో పెడితే అది ఇబ్బందే. ఏదో ఒక నియమం పెట్టుకోండి, ఉదాహరణకి ప్రతి దిక్కులో, గుర్తు పట్టించుకోకుండా చూస్తే అన్నిటికన్నా పెద్దదైన అంకె ధనాత్మకంగా ఉండాలని.

0.99 కనిపించినప్పుడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. అదే డేటాలో విస్తీర్ణాన్ని వందల్లో కాకుండా నేరుగా చదరపు అడుగుల్లో రాయండి: 800, 600, 1000, 1000, 1600. అద్దె వేలల్లోనే ఉంచండి. ఫ్లాట్లు మారలేదు, ఓనర్లు మారలేదు. కోవేరియన్స్ మాట్రిక్స్ మాత్రం ఇలా అయింది:

```
[ 140000  1800 ]
[   1800    41 ]
```

పెద్ద ఐగెన్ విలువ సుమారు 140023, చిన్నది 17.9. పీసీ1 వాటా 99.98 శాతం దాటింది. దిక్కు (1, 0.013). అంటే పీసీఏ మనకి చెప్పింది "విస్తీర్ణం చూడండి చాలు" అని. అద్దెని దాదాపు పూర్తిగా మర్చిపోయింది. ఎందుకంటే 100 తో గుణిస్తే వేరియన్స్ 10,000 రెట్లవుతుంది. సంకేతం ఏమిటంటే, వాటా 99 దాటి, దిక్కులో ఒకే అంకె 1 కి దగ్గరగా ఉండి మిగతావన్నీ సున్నాకి దగ్గరగా ఉంటే, అది దాదాపు ఎప్పుడూ యూనిట్ల తప్పే. `components_` ప్రింట్ చేయకుండా వాటా ఒక్కటే చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ కనబడదు.

మందు తెలిసిందే: ప్రతి కాలమ్‌నీ దాని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించడం. అప్పుడు కోవేరియన్స్ మాట్రిక్స్ కాస్తా కోరిలేషన్ మాట్రిక్స్ అవుతుంది. మన డేటాకి కోరిలేషన్ 18/√(14×41) = 0.751. ఐగెన్ విలువలు 1.751, 0.249. వాటా 87.6 శాతం. ఇక్కడ ఒక తమాషా ఉంది. దిక్కు (1, 1) వచ్చింది. డేటా ఏదైనా సరే, రెండే కాలమ్‌లు ఉండి రెండింటినీ స్టాండర్డైజ్ చేస్తే, వాటి మధ్య కోరిలేషన్ సున్నా కానంతవరకు, దిక్కులు (1, 1), (1, −1) తప్ప ఇంకోటి రావు. "రెండింటికీ సమాన ప్రాధాన్యం ఉందని పీసీఏ కనిపెట్టింది" అని రాసిన అసైన్‌మెంట్లు కోకొల్లలు. కనిపెట్టిందేమీ లేదు, భాగించినప్పుడే మనం అలా నిర్ణయించేశాం. స్టాండర్డైజ్ చేయడం కూడా ఒక నిర్ణయమే. కాలమ్‌లన్నీ ఒకే యూనిట్‌లో ఉంటే, ఉదాహరణకి ఒకే సెన్సర్ ఇరవై నాలుగు గంటల రీడింగులైతే, భాగించకుండా వదిలేయడమే చాలాసార్లు సరైనది. లేకపోతే కదలిక లేని రాత్రి గంటల్లోని గోలకీ పగటి గంటలతో సమానమైన గొంతు ఇచ్చినట్టవుతుంది.

`StandardScaler` తర్వాత `PCA` వేస్తే ఐగెన్ విలువల మొత్తం 2 రావాల్సింది పోయి 2.5 వస్తుంది. స్కేలర్ n తో భాగిస్తుంది, పీసీఏ n − 1 తో భాగిస్తుంది, ఐదు వరుసలకి 5/4 తేడా. వాటాలు మారవు, కాబట్టి ఇది జబ్బు కాదు. చేతి లెక్కతో కుదరట్లేదని రాత్రంతా కూర్చోకుండా ఉండడానికి చెబుతున్నా.

రెండో రకం 99 ఇంకా మోసకారిది. సగటు తీయకుండానే మాట్రిక్స్ కట్టేశారనుకోండి. వర్గాల మొత్తాలు 556, 4664, గుణలబ్ధాల మొత్తం 1572. దీనికి దిక్కు కట్టి చూస్తే (1, 2.95) వస్తుంది, వాటా 99.55 శాతం. బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కాని సగటు ఏమిటి? (10, 30). దాని దిక్కు (1, 3). అంటే పీసీఏ కనిపెట్టింది సున్నా నుంచి ఫ్లాట్ల గుంపు ఎటు ఉందన్నది, ఫ్లాట్ల మధ్య తేడా కాదు. మీ మొదటి దిక్కుని సగటు వెక్టర్ పక్కన పెట్టి చూడండి, రెండూ ఒకే వైపు చూస్తుంటే మొదటి అడుగు ఎగిరిపోయిందేమో అని అనుమానించాలి. scikit-learn లో `PCA` తనంతట తానే సగటు తీస్తుంది, `TruncatedSVD` తీయదు. ఒకదాని బదులు ఇంకోటి వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

కొత్త ఫ్లాట్ వచ్చింది

ఆరో ఫ్లాట్ దొరికింది: 1200 అడుగులు, 31 వేలు. దీని స్కోరు కావాలి. పాత సగటునే తీయాలి: (12 − 10, 31 − 30) = (2, 1). పాత దిక్కులతోనే గుణించాలి: పీసీ1 = 4/√5 = 1.79, పీసీ2 = 3/√5 = 1.34. పరిమాణంలో సగటుకి కాస్త పైన, గిట్టుబాటులో ఫ్లాట్ 1, ఫ్లాట్ 5 ల తర్వాతి స్థానం.

ఈ ఒక్క వరుస మీదే మళ్లీ `fit_transform` నొక్కితే? ఒకే వరుసకి సగటు అదే వరుస. తీసేస్తే (0, 0). పైగా n − 1 సున్నా అయిపోతుంది. ఒక్క వరుసైతే తప్పు మొహాన కొట్టినట్టు తెలుస్తుంది, టెస్ట్ సెట్‌లో రెండొందల వరుసలుంటే తెలియదు. వాటి సొంత సగటు, సొంత దిక్కులు వచ్చేస్తాయి, అంకెలు సవ్యంగానే కనిపిస్తాయి, మోడల్ మాత్రం ఒక కొలబద్దతో నేర్చుకుని ఇంకో కొలబద్ద మీద పరీక్ష రాస్తుంది. ట్రైనింగ్ డేటా మీద ఒక్కసారి `fit`, ఆ తర్వాత అన్నిటికీ `transform` మాత్రమే. `mu`, `vecs`, స్కేల్ చేసి ఉంటే ఆ డీవియేషన్లు, మూడింటినీ కలిపి ఒకే ఫైల్లో సేవ్ చేసుకోండి. విడివిడిగా పెడితే ఏదో ఒక రోజు పాత సగటుకి కొత్త దిక్కులు తగులుకుంటాయి.